బావ పేరున రాసిన కమీషన్

బావ పనిచేసే మిల్లుకు తాళం పడిన రోజున రంగుల షావుకారి చేతిలో ఉన్నవి ఇవి: మెయిన్ రోడ్డు మీద సొంత కొట్టు, దాని పైన రెండు గదుల మేడ, రంగులు కలిపే మిషను, ఊళ్లో సగంమంది పెయింటర్ల నమ్మకం, ఒక్కగానొక్క అక్క. అప్పుల్లేవు. రావలసిన బాకీలు చాలానే ఉన్నా, అవి వస్తాయని ఆయన ఏనాడూ లెక్కలో వేసుకోలేదు.

బావ నూలు మిల్లులో స్టోర్ కీపరు. బెల్టులూ బోల్టులూ బేరింగులూ చీటీ చూసి ఇవ్వడం ఆయన పని. ఒక పొద్దున షిఫ్టుకి వెళ్తే గేటుకి తాళం, తాళం పక్కన నోటీసు. ముందస్తు అనుమతి లేకుండా మూసేశారనీ, ఇది చెల్లదనీ యూనియన్ వాళ్లు కోర్టుకెళ్లారు. కోర్టు సంగతి ఎప్పటికి తేలుతుందో గానీ, ఇంటి అద్దె మాత్రం ఒకటో తారీకుకల్లా కట్టాలి. మూడో నెలలో షావుకారు తన డెలివరీ వ్యాను పంపి, అక్కా బావల సామాను కొట్టు పైన గదుల్లోకి చేర్పించాడు.

"అద్దె మాట ఎత్తారంటే ఊరుకోను" అన్నాడు మెట్ల మీద నిలబడి.

"ఎత్తడానికి మా దగ్గర మాట తప్ప ఏముందిరా" అంది అక్క.

ఆయన నిజంగానే అద్దె అడగలేదు. సరుకులు కూడా తనే వేయించాడు. అది మంచితనమే. కాకపోతే షావుకారు మంచితనాన్ని కూడా తూకం వేసుకుని ఇచ్చే మనిషి. ఇచ్చినంతా మనసులో ఒక పక్కన పెట్టుకునేవాడు, అడగడానికి కాదు, ఉందని తెలియడానికి.

ఆ ఏడాది చివర ఆడిటరమ్మ వచ్చి కొట్టు లాభం లెక్కగట్టింది. "పది లక్షలు దాటిన దాని మీద నూటికి ముప్ఫై కట్టాలండీ" అని చెప్పి కాఫీ తాగి వెళ్లిపోయింది. షావుకారు కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూశాడు. పైన బావ అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు. పాపం, పనిలేని మనిషి, రోజంతా నడుస్తాడు.

అప్పుడు తట్టింది ఆలోచన. మనిషికి ఏడాదికి మూడు లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. పైన నడుస్తున్న మనిషికి ఆదాయం సున్నా. అంటే ఆ మూడు లక్షల చోటూ ఖాళీ గోడౌన్‌లా పడి ఉంది. తన సరుకేమో ఇక్కడ ముప్ఫై శాతం అద్దె కట్టి పెట్టుకుంటున్నాడు. దాంట్లోంచి మూడు లక్షల సరుకు పైకి చేరిస్తే?

గిరాకీ తెచ్చినందుకు బావకి కమీషన్, ఏడాదికి మూడు లక్షలు. కొట్టుకి అది ఖర్చు, తొంభై వేల పన్ను తగ్గింది. బావకి అది ఆదాయం, పైసా పన్ను లేదు. చెక్కు బావ ఖాతాలో పడేది, బావ ముందే సంతకాలు పెట్టిచ్చిన చెక్కులతో వారం తిరక్కుండా మళ్లీ గల్లాపెట్టెకి చేరేది. బావ పేరున రిటర్ను కూడా షావుకారే ఆడిటరమ్మ చేత వేయించేవాడు. ఎవరికీ నష్టంలేని బేరం తన జీవితంలో అదొక్కటేనని ఆయనకి గట్టి నమ్మకం.

ఏటా సంతకం పెట్టేటప్పుడు బావ అదే హాస్యం ఆడేవాడు.

"ఏం బావమరిదీ, ఈ ఏడు నేనెంత సంపాదించాను?"

"మూడు లక్షలు బావా."

"మిల్లులో ఉన్నప్పుడూ అంతేగా. చేతికి రాకపోవడం ఒక్కటే తేడా."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. సంతకం ఆరాక బావ కిందికి దిగి ఆదివారాలు కొట్టు చూసుకునేవాడు, డబ్బాలు సర్దేవాడు, గోడౌన్‌లో తడిసిన అట్టపెట్టెలు మార్చేవాడు. ఊరికే తింటున్నామన్న బాధ ఆయనకి. అక్క బాధ ఇంకో రకం. ఆమె సాయంత్రం బాగా మసకబడితేగానీ లైటు వేసేది కాదు. "తమ్ముడి కరెంటు" అనేది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ సర్దుకుని కిందికి తెచ్చి, తమ్ముడు తిన్నాక గిన్నెలు తీసుకెళ్లేది. షావుకారు రంగుల వాసన మధ్య కూర్చుని అక్క చేతి అన్నం తింటూ, ఈ సంసారాన్ని నేను నిలబెట్టాను కదా అనుకునేవాడు. ఆ అనుకోవడం రుచిగా ఉండేది.

ఐదేళ్లు గడిచాయి.

తీర్పు వచ్చింది. మూసివేత చెల్లదు, మిల్లు తెరవాలి, మూసి ఉన్న ఐదేళ్లకీ పూర్తి జీతాలు కట్టాలి. బావ జీతం ఏడాదికి మూడు లక్షలు, ఐదేళ్లకి పదిహేను. ఆ రోజు బావ కొట్టు ముందున్న పెయింటర్లందరికీ టీ పోయించాడు, తన జేబులోంచి. ఐదేళ్లలో ఆ జేబులో చెయ్యి పెట్టిన బావని చూడటం షావుకారికి అదే మొదలు.

యాజమాన్యం ఇచ్చే చేత్తోనే తీసుకునే దారి కూడా చూసుకుంది. మిల్లు వెనకున్న క్వార్టర్లను పనివాళ్లకే అమ్ముతామంది. ఒక్కోటి పదిహేను లక్షలు. పాత జీతాల్లో చెల్లు పెట్టుకోవచ్చు. నెలాఖరులోగా మొత్తం జమ కాకపోతే బయటివాళ్లకి ఇచ్చేస్తారు.

అక్క వెళ్లి క్వార్టరు చూసొచ్చింది. రెండు గదులు, వెనక కాస్త పెరడు, పెరట్లో కుళాయి, గోడలకి పెచ్చులూడిన సున్నం. వస్తూ వస్తూ కొట్లోకి దూరి, "ఒరేయ్, ఆ రంగుల కార్డొకటి ఇవ్వు" అంది.

"నీ ఇంటికి రంగు నా ఖర్చక్కా. ఏది కావాలంటే అది వేయిస్తా."

"ఐదేళ్లు నీ ఖర్చేగా. ఇదొక్కటి నన్ను కొనుక్కోనీ."

ఆమె కార్డు పట్టుకుని మేడెక్కింది. ఆ రోజు మసకబడకముందే పైన లైటు వెలిగింది.

చిక్కంతా పన్ను దగ్గర వచ్చింది. మిల్లు జీతాల సెక్షన్ వాళ్లు, పాత జీతం పదిహేను లక్షలూ ఈ ఏటి జీతం మూడు లక్షలూ కలిపితే పద్దెనిమిది లక్షలు, దాని మీద మూడున్నర లక్షల పన్ను కోసి మిగతాదిస్తామన్నారు. యూనియన్ హాల్లో గోల. ఐదేళ్లు ఆకలితో ఉంచి, ఒక్క రోజులో పెట్టి, ఇంత తిన్నావేంటని జరిమానా వేసినట్టుందని అరిచారు.

షావుకారు ముందుకొచ్చి, తన ఆడిటరమ్మని తీసుకొస్తానన్నాడు. ఫీజు కూడా తనే ఇస్తానన్నాడు. మర్నాడు ఆమె హాల్లో బల్ల వేసుకుని కూర్చుంది. ఆమె పక్కన కుర్చీలో షావుకారు, పెళ్లికొడుకు తరఫు పెద్దలా.

మొదట లేత్ మేస్త్రి కూర్చున్నాడు. బావా ఆయనా ఒకే ఏడు మిల్లులో చేరారు. జీతమూ ఒకటే.

"జాగ్రత్తగా వినండి" అంది ఆడిటరమ్మ. "ఈ పదిహేను లక్షలు ఈ ఏడు చేతికొచ్చాయిగానీ, ఈ ఏటివి కావు. ఏ ఏటి జీతం ఆ ఏడే వచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో చూస్తాం. ఇప్పుడు అదనంగా పడుతున్నది అంతకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువ మేరకు వదిలేస్తారు. అదే ఈ ఫారం."

"ఇప్పుడు పడేదెంతమ్మా?"

"ఈ ఏటి జీతం మూడు లక్షలు, దానిమీద పన్ను లేదు. పాతది కలిపితే పద్దెనిమిది లక్షలు. మొదటి మూడుకీ ఏమీ లేదు. తర్వాత మూడుకి నూటికి పది, ముప్ఫై వేలు. ఆ పై నాలుగుకి నూటికి ఇరవై, ఎనభై వేలు. మిగిలిన ఎనిమిదికీ ముప్ఫై, రెండు లక్షల నలభై వేలు. మొత్తం మూడున్నర లక్షలు. ఇక పాత ఏళ్లు చూద్దాం. ఈ ఐదేళ్లూ రేట్లు మారలేదు, అది మన అదృష్టం. మూసి ఉన్న ఏళ్లలో మీకు వేరే ఆదాయం ఉందా?"

"నాకా?" మేస్త్రి నవ్వాడు. "మా ఆవిడ తిట్లు తప్ప ఏమీ రాలేదు."

"వాటి మీద పన్ను లేదులెండి. ఒక్కో ఏడు సున్నాకి మూడు లక్షలు కలిపితే మూడు లక్షలే. పన్ను సున్నా. ఐదేళ్లకీ సున్నా. మూడున్నరలోంచి సున్నా తీసేస్తే మూడున్నరా మినహాయింపే. మీకు కోత లేదు."

మేస్త్రి లేచి ఆమెకి దణ్ణం పెట్టి, షావుకారికి కూడా పెట్టాడు. షావుకారు ఆ దణ్ణాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. యూనియన్ కార్యదర్శి ఫారం అందుకుని, జాబితాలో రాసుకుంటూ పైకి చదివాడు: "లేత్ మేస్త్రి, కోత నిల్." అందరి ఫారాలూ ఒకే కట్టగా మిల్లుకి వెళ్లాలి కాబట్టి, తప్పు పోకుండా అలా పైకి చదవడం వాళ్ల పద్ధతి.

తర్వాత బావ. కుర్చీలో కూర్చుంటూనే, "నాది ఆయనకి కార్బన్ కాపీనేనమ్మా, ఊరికే కష్టపడకండి" అన్నాడు.

ఆడిటరమ్మ కలం ఎత్తి ఆగింది. కళ్లజోడు మీదుగా ముందు బావ వైపు, తర్వాత షావుకారి వైపు చూసింది. బావ రిటర్నులు వేసింది ఆమే.

"మీకు కమీషన్ ఉందిగదండీ. ఐదేళ్లూ."

బావకి వెంటనే అర్థం కాలేదు. షావుకారికి అయింది. తను సరుకు పెట్టుకున్న గోడౌన్‌కి, సొంతదారు సరుకు ఇప్పుడు వచ్చింది. పెట్టడానికి చోటు లేదు.

"అంటే?" అన్నాడు బావ.

ఆమె గొంతు తగ్గించింది గానీ చెప్పక తప్పలేదు. "ఒక్కో ఏడు మీకు మూడు లక్షల ఆదాయం ఉన్నట్టు రిటర్నులో ఉంది. పన్ను పడని మూడు లక్షలూ దానితోనే నిండిపోయాయి. ఇప్పుడు ఆ ఏటి జీతం మూడు కలిపితే ఆరు. పైనున్న మూడుకి నూటికి పది, ముప్ఫై వేలు. ఐదేళ్లకి లక్షన్నర. ఇప్పుడు పడే మూడున్నరలోంచి అది తీసేస్తే మినహాయింపు రెండు లక్షలు. మీకు లక్షన్నర కోత పడుతుంది."

కార్యదర్శి అలవాటు కొద్దీ చదివేశాడు: "స్టోర్ కీపరు, కోత లక్షన్నర." చదివాక తలెత్తాడు. "ఇదేంటి?"

"ఈయనకి వేరే ఆదాయం ఉంది" అంది ఆడిటరమ్మ, ఇక దాచలేక.

"ఏం ఆదాయం?" లేత్ మేస్త్రి వెనక్కి తిరిగొచ్చాడు. "ఏడాదికి మూడు లక్షలా? మనం పస్తులుంటే యూనియన్ నెలనెలా సాయం పంచింది. ఏ ఆదాయమూ లేనివాళ్లకి అని చెప్పి మరీ పంచింది. నువ్వు నా వెనకే లైన్లో నిలబడ్డావు కదరా!"

బావ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు, అది దొంగ లెక్క, నాకు పైసా రాలేదు అని. ఆ మాట అంటే బావమరిది మెడకి చుట్టుకుంటుందని ఆయనకి అప్పటికే అర్థమైపోయింది. షావుకారి వైపు చూశాడు. చెప్పమని కాదు, నువ్వే చెబుతావేమో అని.

షావుకారు ఫారాల కట్ట సర్దుతూ కూర్చున్నాడు. సర్దినదే మళ్లీ సర్దాడు.

బావ సంతకం పెట్టి లేచాడు. లైన్లో ఉన్నవాళ్లు ఆయనకి దారి ఇచ్చారు, కావలసినదానికన్నా ఎక్కువే ఇచ్చారు.

హాలు ఖాళీ అయ్యాక షావుకారు ఆడిటరమ్మని పట్టుకున్నాడు. "ఆ ఐదేళ్లకీ సున్నా అని వేసేయండి. ఎవరు చూస్తారు?"

"పన్నాఫీసే చూస్తుంది. రిటర్నుల్లో ఉన్న ఆదాయమే ఫారంలో ఉండాలి. అది రాలేదంటే, మీరు ఇచ్చామన్న ఖర్చు అబద్ధమన్నట్టే. అప్పుడు మీరు మిగుల్చుకున్న నాలుగున్నర లక్షలు కట్టాలి, వడ్డీ కట్టాలి, జరిమానా వేరే. నన్నూ లాగుతారు. నేను మీరిచ్చిన చెక్కులు చూసి నమ్మాను." ఆమె సంచీ భుజాన వేసుకుంది. "దీనికన్నా చవక దారి ఒకటుంది. లక్షన్నర మీ బావగారికి ఇచ్చేయండి. ఇంకా మూడు లక్షలు మీకే మిగులుతాయి."

షావుకారు దారంతా లెక్క వేశాడు. ఆమె చెప్పింది సరైనదే. కానీ లక్షన్నర ఊరికే ఇవ్వడమంటే ఏదో ఒప్పుకున్నట్టుంటుంది. ఐదేళ్ల గదుల అద్దె, సరుకులు, కరెంటు, ఇవన్నీ ఏ పక్కన వేయాలి? ఒక పక్క తనది ధర్మమే అయినప్పుడు రెండో పక్క జరిమానా ఎందుకు కట్టాలి? మెట్లెక్కేసరికి బేరం కుదిరింది, తనతో తనకి.

పైన లైటు లేదు. మసకలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అక్క ఒళ్లో రంగుల కార్డు.

"బావా, నువ్వేం దిగులుపడకు" అన్నాడు షావుకారు. "ఆ లక్షన్నర నేను సర్దుతాను. చేబదులుగా ఉంచుకో. వడ్డీ మాటే లేదు. జీతం వస్తోందిగా, నెమ్మదిగా తీర్చు."

బావ నవ్వాడు. పాత హాస్యమే, పాత గొంతు మాత్రం కాదు. "కాగితం ప్రకారం నువ్వు నాకు పదిహేను లక్షలిచ్చావు. ఇప్పుడు ఇంకో లక్షన్నర చేబదులు. మొత్తానికి నీ అంత దాతని నేను చూళ్లేదు."

"బావా, అప్పుడు నీకు నష్టం లేదనే కదా..."

"ఉండరా" అంది అక్క. "నేనొకటి అడుగుతా చెప్పు. ఆయన పేరున అది రాస్తే ఏడాదికి నీకెంత మిగిలేది?"

"తొంభై వేలు."

"మా తిండికెంతయ్యేది?"

షావుకారు గుమ్మం వైపు తిరిగాడు. ఆ అంకె ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది. ఐదేళ్లుగా మనసులో ఒక పక్కన పెట్టుకున్నదే. తొంభై వేల కన్నా తక్కువే.

"అదీ సంగతి" అంది అక్క నెమ్మదిగా. "మమ్మల్ని పోషించింది నువ్వు కాదు, మా పేరు. నేనేమో ఐదేళ్లు లైటు వేసుకోవడానికి కూడా జంకాను. ఈ ఇంట్లో గట్టిగా దగ్గలేదురా నేను."

"అక్కా, గదుల అద్దె అయినా..."

అన్నాకగానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. అక్క కార్డు మడిచింది.

బావ అన్నాడు, "నీ డబ్బు నాకొద్దు. ఇల్లు పోతే పోయింది. రేపు హాల్లోకొచ్చి వాళ్లతో ఒక్క మాట చెప్పు. ఆ కమీషన్ మా బావ తినలేదు, నా అవసరానికి రాసుకున్నాను అని. నేను వాళ్లతో కలిసి షిఫ్టు చెయ్యాలి. ముప్ఫై ఏళ్లుగా ఏ చీటీలోనూ ఒక్క బోల్టు తేడా రాని మనిషిని. ఆ లైన్లో దొంగలా నిలబడ్డానని అనిపించుకోలేను."

"హాల్లో రెండొందల మంది ఉంటారు బావా. ఆ మాట పన్నాఫీసుదాకా పోవడం ఎంతసేపు?"

"పోతే?"

షావుకారు మనసులో తూకం వేశాడు. ఒక పక్క నాలుగున్నర లక్షలు, వడ్డీ, జరిమానా, కొట్టు పరువు. రెండో పక్క ఒక మాట. ఇంత ఖరీదైన మాట ఏ వ్యాపారీ కొనడని ఆయనకి తోచింది.

"కొన్నాళ్లు ఆగు బావా. వాళ్లే మర్చిపోతారు."

"నువ్వు మర్చిపోతావు" అన్నాడు బావ.

మర్నాడు షావుకారు లక్షన్నర కవరులో పెట్టి, మేడ మెట్ల మీద గుమ్మానికి ఆనించి వచ్చాడు. చేబదులు అని రాయలేదు, అంతవరకూ దిగాడు. మధ్యాహ్నం క్యారియర్ రాలేదు. సాయంత్రం కవరు కౌంటరు మీద ఉంది, విప్పకుండా. దాని మీద రంగుల కార్డు.

అడగకపోతారా అని ఆయన నెలాఖరుదాకా ఎదురుచూశాడు. చెప్పకపోతాడా అని వాళ్లూ ఎదురుచూశారేమో, ఆయనకి తెలియదు. నెలాఖరు వచ్చి వెళ్లింది. క్వార్టరు ఎవరో బయటి కాంట్రాక్టరుకి పోయింది. చేతికొచ్చిన పదమూడున్నర లక్షల్లోంచి బావ ఐదేళ్లలో తీసుకున్న యూనియన్ సాయమంతా తిరిగి కట్టేశాడు. కట్టడంతో హాల్లో అనుమానంగా ఉన్నది రుజువైపోయింది. తినకపోతే ఎందుకు కడతాడు అన్నారు. మిల్లు గేటు దగ్గర ఒక గది అద్దెకి తీసుకున్నారు. సామాను తరలించడానికి షావుకారి వ్యాను అడగలేదు, బండి మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు అక్క గదులు కడిగి, తాళంచెవి కౌంటరు మీద పెట్టి, "లైట్లన్నీ ఆర్పాను" అంది.

ఆ ఏడాది చివర ఆడిటరమ్మ ఎప్పటిలాగే వచ్చింది. లెక్కలన్నీ వేసి కలం ఆపింది. "కమీషన్ ఎవరి పేరున రాయమంటారు?"

"ఎవరూ లేరు" అన్నాడు షావుకారు. "రాయకండి."

ఆమె వెళ్లాక ఆయన తన లెక్క తను చూసుకున్నాడు. ఖర్చు: ఈ ఏడు ఎక్కువ పడిన పన్ను తొంభై వేలు, ఇకమీద ఏటా ఇంతే. ఆదివారాలు కొట్టు చూడటానికి పెట్టిన మనిషి జీతం. మధ్యాహ్నం హోటలు భోజనం, చల్లారి వస్తుంది. పైన రెండు గదులు ఖాళీ, ఎవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు. పెయింటర్లు వస్తున్నారు, మిల్లు పనివాళ్లు మాత్రం పక్క కొట్టుకి వెళ్తున్నారు. బావని దొంగన్నవాళ్లు ఆయనకి కమీషన్ ఇచ్చినవాణ్ణీ వదల్లేదు.

జమ: ఐదేళ్లలో మిగిలింది నాలుగున్నర లక్షలు. అంతా అలాగే ఉంది. అందులోంచి ఒక్క పైసా కూడా ఎవరూ అడగలేదు.